లాంప్ సమీక్షకు 17 మార్కులా, 9 మార్కులా?

ప్రశ్న: నేను తొమ్మిదో తరగతికి తెలుగు చెబుతాను. వాడిన వస్తువు మీద గానీ, చదివిన పుస్తకం మీద గానీ పిల్లల చేత సమీక్ష రాయించాను. వాదన, ఆధారాలు, న్యాయంగా రాయడం, ఈ మూడింటికీ కలిపి 20 మార్కులు. ఒక అబ్బాయి ఛార్జింగ్ టేబుల్ లాంప్ మీద చాలా ఘాటుగా రాశాడు. నేను 17 వేశాను, మా తోటి టీచర్ 9 వేశారు. "కంపెనీని మోసగాళ్లు అన్నాక ఇంక న్యాయం ఎక్కడుంది?" అంటారాయన. ఒక అమ్మాయి రాసిన పుస్తక సమీక్షకు మాత్రం ఇద్దరం 15 వేశాం, దాని మీద పేచీ లేదు. రెండు పేపర్లూ పంపుతున్నాను. లాంప్ పేపరుకు సగటు తీసి 13 వేసేద్దామా? మార్కులు ఇంకా పిల్లలకు చెప్పలేదు.
— ఒక తెలుగు టీచర్

సమాధానం:

టీచర్ గారూ, సగటు మాత్రం తీయకండి. 13 అనే అంకె మీ అభిప్రాయమూ కాదు, ఆయన అభిప్రాయమూ కాదు. "నాకు 13 ఎందుకొచ్చాయి?" అని ఆ అబ్బాయి అడిగితే మీ ఇద్దరిలో ఎవరి దగ్గరా జవాబు ఉండదు. ఇద్దరికీ ఎక్కడ తేడా వచ్చిందో కనిపెడితే మార్కు దానంతట అదే తేలుతుంది. పేపర్లు రెండూ శ్రద్ధగా చదివాను. లాంప్ పేపరు మీద మీ ఇద్దరి మధ్య వచ్చిన తేడా కన్నా, పుస్తకం పేపరు మీద కుదిరిన ఏకాభిప్రాయమే నన్ను ఎక్కువ ఆలోచనలో పడేసింది. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

ముందు లాంప్ సమీక్షలో అసలైన భాగాన్ని ఇక్కడ పెడుతున్నాను, ఎందుకంటే మనం మాట్లాడుకోవాల్సింది ఈ వాక్యాల గురించే.

"చదువుకునేవాళ్లు ఎవరూ ఈ లాంప్ కొనకూడదు. పెట్టె మీద ఎనిమిది గంటలు వెలుగుతుందని రాశారు. నేను పూర్తిగా ఛార్జ్ చేసి మూడు రోజులు టైమ్ చూశాను. ఒకరోజు నాలుగు గంటల పది నిమిషాలు, ఒకరోజు నాలుగున్నర గంటలు, ఒకరోజు నాలుగు గంటలు వచ్చింది. మూడు రోజులూ వెలుగు ఫుల్‌గా పెట్టాను. మెడ దగ్గర బిగువు లేదు, వారానికే తల వాలిపోయింది. మా అక్కకు మాత్రం ఈ లాంప్ నచ్చింది, కానీ తను పడుకునే ముందు పావుగంటే చదువుతుంది. కంపెనీవాళ్లు జనాన్ని మోసం చేస్తున్నారు. ఈ లాంప్ గురించి అందరూ ఇదే అంటున్నారు."

మీకు ఇందులో గంటల లెక్క కనిపించింది. తొమ్మిదో తరగతి పిల్లాడు మూడు రోజులు టైమ్ చూసి రాయడం ఎవరికైనా ముచ్చటేస్తుంది. మీ తోటి టీచర్‌కు "మోసం" అన్న మాట కనిపించింది. ఆ మాట ఆయన్ని నొప్పించింది, అందులోనూ తప్పు లేదు. అయితే మీరిద్దరూ ఒక్కో వాక్యాన్ని పట్టుకుని మొత్తం పేపరును దానితోనే కొలిచారు. మార్కుల పట్టికలో మూడు గడులు ఉన్నా, మీ చేతుల్లో అవి ఒకే గడి అయిపోయాయి.

ఈ పొరపాటు కొత్తదేమీ కాదు. 1920లో ఎడ్వర్డ్ థార్న్‌డైక్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త, సైన్యంలో పై అధికారులు కింది అధికారులకు ఇచ్చిన రేటింగులను పరిశీలించాడు. తెలివి, శరీర దారుఢ్యం, నాయకత్వం, నడవడిక ఇలా వేటికవి విడిగా మార్కులు వేయమంటే, ఒకదానిలో ఎక్కువ వేసినవాళ్లు మిగతావాటిలోనూ ఎక్కువే వేసుకుంటూ పోయారు. అసలు ఒకదానితో ఒకటి అంతగా కలవాల్సిన గుణాలు కావవి. మొదట పడిన ముద్ర మిగతా గడులన్నిటికీ పాకిపోవడాన్ని హేలో ఎఫెక్ట్ అంటారు. మీ ఇద్దరి మార్కుల్లోనూ జరిగింది అదే, మీకు మంచివైపు పాకింది, ఆయనకు చెడువైపు.

కాబట్టి మూడు గడులనూ విడదీద్దాం. నేనైతే ఒక్కోదానికి 0 నుంచి 4 వరకు స్థాయి వేస్తాను. తర్వాత వాదన స్థాయినీ, ఆధారాల స్థాయినీ రెండుతో గుణిస్తాను, న్యాయం స్థాయిని ఉన్నదున్నట్టే ఉంచుతాను. 8, 8, 4 కలిపితే మీ 20 వస్తాయి. న్యాయానికి బరువు ఎందుకు తగ్గించానో ముందుకు వెళ్తే అర్థమవుతుంది.

వాదనతో మొదలుపెడదాం. సమీక్షలో వాదన అంటే గట్టిగా చెప్పడం కాదు. "ఇది కారణం, కాబట్టి ఇది నా తీర్పు" అన్నప్పుడు ఆ "కాబట్టి" నిలుస్తుందా లేదా అన్నదే వాదన. స్టీఫెన్ టూల్మిన్ అనే బ్రిటిష్ తత్వవేత్త 1958లో దీన్ని ముఖ్యంగా మూడు ముక్కలుగా విడదీసి చూపించాడు. మనం ఒప్పించాలనుకునే మాట ఒకటి, దానికి చూపే ఆధారం ఒకటి, ఆధారం నుంచి మాటకు వెళ్లే లంకె ఒకటి. పిల్లల సమీక్షల్లో మొదటి రెండూ దొరుకుతాయి, మూడోది దాదాపు ఎప్పుడూ మాయమై ఉంటుంది.

ఈ పేపరులో చూడండి. ఆధారం: లాంప్ నాలుగు గంటలే వెలిగింది. తీర్పు: చదువుకునేవాళ్లు ఎవరూ కొనకూడదు. మధ్యలో లంకె ఏది? చదువుకునేవాళ్లకు నాలుగు గంటలు చాలవు అన్న మాట ఎక్కడా లేదు. ఎందుకు చాలవో అసలే లేదు. ఛార్జింగ్ పెట్టుకునే చదువుకోవచ్చా, అలా పెడితే ఈ లాంప్ వెలుగుతుందా అన్నదీ లేదు. "నేను రాత్రి ఐదు గంటలు చదువుతాను, నా బల్ల దగ్గర ప్లగ్ లేదు" అని ఒక్క వాక్యం రాసి ఉంటే లంకె పడేది. పైగా "ఎవరూ" అన్న మాట మరీ పెద్దది. రోజూ గంటసేపు చదువుకునే పిల్లలకు ఈ ఆధారం ఏమీ చెప్పదు. కారణాలు ఉన్నాయి, లంకె లేదు, తీర్పు కారణాలకన్నా పెద్దదైంది. నా పట్టికలో ఇది 2.

3 ఎప్పుడు వేస్తానంటే, లంకె రాయకపోయినా చదివేవాళ్లకు సందేహం లేకుండా అందితే, లేదా లంకె ఉండి తీర్పు కాస్త పెద్దదైతే. 4 వేయాలంటే లంకె రాసి ఉండాలి, తీర్పు ఎవరికి వర్తిస్తుందో ఆ హద్దు కూడా ఉండాలి. ఇష్టాలూ అయిష్టాలూ వరసగా చెప్పి చివర్లో ఒక తీర్పు అతికించి వదిలేస్తే 1. అసలు తీర్పే లేకపోతే 0.

ఇప్పుడు ఆధారాలు. ఇక్కడ నేను అడిగే ప్రశ్న ఒక్కటే: ఈ పిల్లాడు రాసింది చదివి, అతను చేసిన పనినే నేనూ చేసి చూడగలనా? బ్యాటరీ విషయంలో దాదాపు చేయగలను. పూర్తి ఛార్జ్, ఫుల్ వెలుగు, మూడు సార్లు, ఒక్కోసారి వచ్చిన సమయం విడివిడిగా. మూడూ కలిపి సగటు వేస్తే నాలుగు గంటల పదమూడు నిమిషాలు. అంతకన్నా విలువైన విషయం, మూడు కొలతల మధ్య తేడా అరగంటకు మించలేదు. ఒక్కసారే చూసి "నాలుగు గంటలే వచ్చింది" అని ఉంటే, ఆరోజు ఛార్జ్ సరిగా ఎక్కలేదేమో అనుకునేవాళ్లం. మూడుసార్లూ దగ్గర దగ్గరగా రావడం వల్ల ఆ సందేహం చాలావరకు పోయింది. కొలతలను కలిపేయకుండా విడిగా రాయడం ఈ అబ్బాయికి ఎవరు నేర్పారో గానీ, చాలా మంచి పద్ధతి.

ఒక చిన్న లోటు ఉంది. ఆగిపోవడం అంటే ఏమిటో అతను చెప్పలేదు. బ్యాటరీ తగ్గుతున్నకొద్దీ వెలుగు మందగించి, అక్షరాలు కనపడని స్థితికి వచ్చి, ఆ తర్వాతే పూర్తిగా ఆరిపోయే లాంప్‌లు ఉంటాయి. వెలుగు మందగించినప్పుడు లెక్క ఆపాడా, ఆరిపోయినప్పుడు ఆపాడా? దాన్నిబట్టి అంకె మారుతుంది. మెడ వాలిపోయిందన్నది ఒక్కసారి చూసిన సంగతి, అయినా ఏ చోట ఏమైందో, ఎన్నాళ్లకు అయిందో చెప్పాడు కాబట్టి అది కూడా ఆధారమే. "అందరూ ఇదే అంటున్నారు" అన్నదానికి మాత్రం విలువ లేదు. ఎవరు, ఎంతమంది, ఎక్కడ అన్నారు? పైగా తన అక్క అలా అనలేదని రెండు వాక్యాల ముందు తనే రాశాడు. ముఖ్యమైన మాటకు గట్టి ఆధారం ఉంది, ఒక షరతు తప్పిపోయింది, ఒక ఉత్తి మాట దొర్లింది. ఇది 3.

మూడోది న్యాయం. మీ ఇద్దరి గొడవ అంతా దీని మీదే కాబట్టి దీని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుదాం.

న్యాయంగా రాయడం అంటే సగం మంచి, సగం చెడు చెప్పడం కాదు. చెడ్డ వస్తువును చెడ్డదనడం అన్యాయం కాదు. గొంతు మెత్తగా ఉండటం కూడా న్యాయం కాదు. సమీక్షలో న్యాయాన్ని నేను రెండు ప్రశ్నలతో చూస్తాను. దేనితో పోల్చి తీర్పు చెప్పాడు? తన తీర్పుకు అడ్డొచ్చే సంగతిని ఏం చేశాడు?

మొదటిదానికి ఈ అబ్బాయి జవాబు బాగుంది. తనకు తోచిన కొలబద్ద తేలేదు, తయారు చేసినవాళ్లు పెట్టె మీద ఇచ్చిన మాటనే కొలబద్దగా తీసుకున్నాడు. కానీ ఒక అడుగు మిగిలిపోయింది. ఇలాంటి లాంప్‌ల పెట్టెల మీద వేసే గంటల లెక్క చాలాసార్లు తక్కువ వెలుగు దగ్గర వేసిందై ఉంటుంది. వెలుగు పెంచితే బ్యాటరీ త్వరగా అయిపోతుంది. ఇతను ఫుల్ వెలుగులో కొలిచాడు. పెట్టె మీది ఎనిమిది గంటలు ఏ వెలుగు దగ్గరివో చెప్పలేదు. అవి తక్కువ వెలుగు దగ్గరివైతే అతని కొలత తప్పు కాదు, పోలిక తప్పు. అవి ఫుల్ వెలుగు దగ్గరివైతే కంపెనీ ఇరుక్కున్నట్టే. ఏదీ రాసి లేకపోతే "ఏ వెలుగు దగ్గరో చెప్పకుండా గంటలు వేశారు" అన్నదే నిజమైన, గట్టి విమర్శ అవుతుంది. ఈ మూడింట్లో ఏది నిజమో తెలియకుండా "మోసం" అనేశాడు, అక్కడ తొందరపడ్డాడు.

"మోసం" అన్న మాటలో ఇంకో ఇబ్బంది ఉంది. నాలుగు గంటలే వచ్చింది అన్నది లాంప్ గురించిన మాట. మోసం చేస్తున్నారు అన్నది మనుషుల ఉద్దేశం గురించిన మాట. లాంప్‌ను మూడు రోజులు కొలవచ్చు, ఉద్దేశాన్ని అలా కొలవలేం. పిల్లలకు ఈ తేడా చెబితే వెంటనే పట్టుకుంటారు, ఎందుకంటే వాళ్ల మధ్య గొడవలన్నీ ఈ గీత దాటినప్పుడే వస్తాయి. "నా పెన్ను తిరిగి ఇవ్వలేదు" వేరు, "కావాలనే కొట్టేశాడు" వేరు.

రెండో ప్రశ్నకు వస్తే, మీ తోటి టీచర్ దాటేసిన వాక్యం ఒకటుంది: అక్కకు నచ్చింది. ఆ వాక్యం రాయకుండా వదిలేసినా ఎవరికీ తెలిసేది కాదు. తన తీర్పుకు అడ్డొచ్చే సంగతిని తనే తెచ్చి పెట్టి, అది ఎందుకు అడ్డు కాదో కూడా చెప్పాడు: అక్క చదివేది పావుగంటే. ఒక సమీక్షలో న్యాయం ఉందా లేదా అని వెతికేటప్పుడు నేను మొట్టమొదట చూసేది ఇలాంటి వాక్యం కోసమే. "న్యాయం ఎక్కడుంది" అని ఆయన అడిగారు కదా, అది అక్కడుంది.

ఒకవైపు పెట్టె మాటను కొలబద్ద చేసుకోవడం, అక్క సంగతి దాచకపోవడం. మరోవైపు వెలుగు షరతు చూడకపోవడం, మోసం అన్న ఆరోపణ. నేను 2కీ 3కీ మధ్య ఊగాను, చివరికి 2 వేశాను. ఆరోపణ ఒక్కటే అయితే 3 వేసేవాణ్ణి, కానీ ఆ ఆరోపణ చూడకుండా వదిలేసిన షరతు మీదే నిలబడి ఉంది. మీరిద్దరూ కూర్చుని 3 అనుకుంటే నాకు అభ్యంతరం లేదు. 0 గానీ 4 గానీ మాత్రం కాదు.

వాదన 2 రెట్టింపు చేస్తే 4, ఆధారాలు 3 రెట్టింపు చేస్తే 6, న్యాయం 2. మొత్తం 12. మీ సగటు 13కు దగ్గరగా ఉంది కదా అనిపించవచ్చు. అది కాకతాళీయం. ఈ 12 వెనక ఏ వాక్యానికి ఎంత పోయిందో చెప్పగలం, ఆ 13 వెనక చెప్పలేం.

ఇక్కడే ఒక నియమం పెట్టుకోండి: ఒక తప్పుకు ఒక్క గడిలోనే మార్కు తగ్గాలి. "మోసం" అన్న మాటకు ఆధారం లేదు కాబట్టి ఆధారాల్లో తగ్గించవచ్చు, తీర్పు పెద్దదైంది కాబట్టి వాదనలో తగ్గించవచ్చు, అన్యాయం కాబట్టి న్యాయంలో తగ్గించవచ్చు. మూడు చోట్లా ఒక్కో స్థాయి తగ్గిస్తే ఒక్క మాటకు ఐదు మార్కులు పోతాయి. మీ తోటి టీచర్ 9 దగ్గరికి చేరింది ఈ దారిలోనే అనుకుంటున్నాను. నేను "ఎవరూ కొనకూడదు" అన్నదాన్ని వాదనలో, "అందరూ అంటున్నారు" అన్నదాన్ని ఆధారాల్లో, "మోసం" అన్నదాన్ని న్యాయంలో లెక్కేశాను. మనుషుల ఉద్దేశం మీద వేసే నిందలన్నీ న్యాయం గడిలోకే వెళ్లాలని ఇద్దరూ ముందే అనుకుంటే సరిపోతుంది. న్యాయానికి నేను బరువు తగ్గించింది కూడా అందుకే. అన్యాయమైన సమీక్ష ఎలాగూ లంకె దగ్గరో, ఆధారం దగ్గరో కొంత దెబ్బ తినే ఉంటుంది.

ఇక పుస్తక సమీక్ష. ఆ అమ్మాయి చేతిరాత, భాష రెండూ ముచ్చటగా ఉన్నాయి. ఒకటిన్నర పేజీ కథలు చెప్పి, చివర్లో ఇలా రాసింది: "కథలు బాగున్నాయి, కొన్ని అంత బాగాలేవు. భాష సరళంగా ఉంది, అయితే అక్కడక్కడ కష్టంగా ఉంది. మొత్తానికి అందరూ ఒకసారి చదవదగ్గ పుస్తకం." మీరిద్దరూ దీనికి 15 వేయడానికి కారణం, ఇందులో ఎవరినీ నొప్పించే మాట లేకపోవడమే అనుకుంటాను. కానీ ఏ కథలు బాగాలేవు? భాష ఎక్కడ కష్టమైంది? ఈ నాలుగు మాటలను ఏ కథల పుస్తకానికైనా అతికించవచ్చు, ఎవరూ కాదనలేరు. అటూ ఇటూ సమానంగా తూచినట్టు కనిపించడం వల్ల న్యాయంగా ఉందనిపిస్తుంది, నిజానికి తూచడానికి త్రాసులో ఏమీ పెట్టలేదు.

కథ చెప్పడం ఆధారం కాదా అని మీరు అడగవచ్చు. కథలో జరిగింది ఏదో ఒక అభిప్రాయాన్ని నిలబెట్టడానికి వస్తే అది ఆధారం. ఊరికే వస్తే అది సారాంశం. తేడా తెలుసుకోవడానికి ఒక సులువు ఉంది. ఆ పేరాను చేత్తో మూసేసి మిగతాది చదవండి. తీర్పుకు ఏ లోటూ రాకపోతే అది సారాంశమే.

అయితే ఈ పేపరులో ఒక వాక్యం ఉంది, మీరు గమనించారో లేదో. రెండో పేజీ మొదట్లో, కథ చెబుతూ చెబుతూ మధ్యలో రాసింది: "తాతయ్య పోయాక ఆయన కుర్చీ ఖాళీగానే ఉంటుంది, ఇంట్లో చోటు లేకపోయినా ఎవరూ అందులో కూర్చోరు, ఇక్కడ నేను చదవడం ఆపేశాను." ఎవరూ ఏడ్చినట్టు చెప్పకుండానే రచయిత దుఃఖాన్ని ఎలా చూపించారో ఆ అమ్మాయి కచ్చితంగా పట్టుకుంది. దాన్నుంచి అభిప్రాయం దాకా మాత్రం వెళ్లలేదు. అందుకే ఆధారాలకు 1 బదులు 2 వేస్తాను. వాదన 1, న్యాయం 2. లెక్క వేస్తే 2, 4, 2 కలిపి 8. న్యాయానికి 2 ఎందుకంటే అన్యాయం చేయలేదు, అలాగని పుస్తకం ఏం చేయాలనుకుందో చూసి తూచనూ లేదు. 15 నుంచి 8కి తగ్గించడం మీకు కష్టంగా ఉంటుందని తెలుసు. భాషకు మార్కులు ఇవ్వాలనుకుంటే దానికి వేరే గడి పెట్టి మనసారా ఇవ్వండి, తను అందుకు అర్హురాలే. భాష మార్కులు వాదన గడిలో పడితే మాత్రం, "ఎందుకు" అని చెప్పడం తను నేర్చుకోవాల్సిన అవసరం తనకెప్పుడూ కనపడదు.

ఇద్దరూ ఒకే మార్కు వేయడం ఆ మార్కు సరైనదని చెప్పదు. మీ ఇద్దరికీ మెత్తటి రాత నచ్చుతుందని మాత్రమే చెప్పవచ్చు. ఇద్దరికి తేడా రావడం మాత్రం వింతేమీ కాదు. 1912లో డేనియల్ స్టార్చ్, ఎడ్వర్డ్ ఇలియట్ అనే ఇద్దరు పరిశోధకులు అమెరికాలో హైస్కూల్ ఇంగ్లిష్ పేపర్లు రెండింటిని చాలా బడులకు పంపి మార్కులు వేయించారు. 142 మంది టీచర్లు దిద్దిన ఒకే పేపరుకు వందకు 64 నుంచి 98 దాకా వచ్చాయి, ఇంకో పేపరుకు 50 నుంచి 97 దాకా వచ్చాయి. మీ 17, 9 ఆ వరసలోవే. తేడా వచ్చినందుకు టెన్షన్ పడకండి, తేడా ఎక్కడుందో చూసుకోండి.

మిగతా పేపర్లకు మీరిద్దరూ ఎలా కూర్చోవాలో చెబుతాను. ముందు ఓ ఆరు పేపర్లు తీసుకుని, ఒకరి మార్కులు ఒకరు చూడకుండా వేయండి. ఒక్కో పేపరుకు మూడు గడులూ వరసగా నింపకండి. ఆరు పేపర్లకూ వాదన మాత్రమే చూసి, పేపర్ల వరస కలిపేసి, ఆ తర్వాత ఆరింటికీ ఆధారాలు చూడండి, ఆఖరున న్యాయం. మొదటి ముద్ర పక్క గడిలోకి పాకకుండా ఆపడానికి నాకు తెలిసినంతలో ఇంతకన్నా మంచి మార్గం లేదు. ప్రతి స్థాయి పక్కనా అంకె వేయడానికి ముందు, ఏ వాక్యం చూసి వేస్తున్నారో ఆ వాక్యం మొదటి రెండు మాటలు రాయండి. వాక్యం దొరకకపోతే ఆ అంకె వేయకండి. తర్వాత ఇద్దరివీ పక్కపక్కన పెట్టండి. ఒక స్థాయి తేడాను వదిలేయండి, రెండు స్థాయిల తేడా ఉన్నచోట మాత్రమే మాట్లాడుకోండి. చాలాసార్లు ఒకరు చూసిన వాక్యాన్ని ఇంకొకరు చూసి ఉండరు, అక్కడితో తేలిపోతుంది. ఇద్దరూ అదే వాక్యాన్ని చూసి కూడా తేడా వస్తుంటే స్థాయి వివరణలో మాట స్పష్టంగా లేదని అర్థం, దాన్ని సరిచేసుకోండి.

మీ సొంత ఇష్టం దూరుతోందేమో అని అనుమానం వస్తే, తీర్పును తిప్పి చూడండి. ఇదే అబ్బాయి ఇదే పద్ధతిలో కొలిచి, ఎనిమిది గంటలకు పైగా వచ్చిందని రాసి, "చదువుకునేవాళ్లందరూ కొనాలి, కంపెనీవాళ్లు చాలా నిజాయితీపరులు" అని ముగించాడనుకోండి. న్యాయం గడిలో మీ తోటి టీచర్ అప్పుడు ఎంత వేసేవారు? "నిజాయితీపరులు" అన్నది కూడా ఉద్దేశం గురించిన మాటే, దానికీ ఆధారం లేదు. పొగడ్తకు ఊరుకుని తిట్టుకు మార్కు కోస్తే మనం దిద్దుతున్నది న్యాయాన్ని కాదు, మర్యాదను. నేను పాఠాలు చెప్పిన రోజుల్లో, నాకు ఎంతో ఇష్టమైన పుస్తకాన్ని తీసిపారేసిన ఒక అమ్మాయికి తక్కువ వేశాను. ఏళ్ల తర్వాత ఆ పేపరు మళ్లీ చదివితే ఆమె చూపించిన పేజీలన్నీ సరైనవే. అప్పుడు తీర్పు తిప్పి చూసే అలవాటు నాకుంటే ఆ తప్పు చేసేవాణ్ణి కాదు. అది ఇప్పటికీ బాధగానే ఉంది.

ఈ పద్ధతికి ఒక హద్దు ఉంది. మీ దగ్గర ఆ లాంప్ లేదు, ఆ పుస్తకం మీరు చదివారో లేదో నాకు తెలియదు. పేపరులో ఉన్నదాన్ని బట్టి వాదననూ, ఆధారాల తీరునూ దిద్దగలం. పిల్లలు ఏం వదిలేశారో తెలియాలంటే అసలు వస్తువు చేతిలో ఉండాలి. అందుకే పుస్తకం చదవకుండా న్యాయం గడిలో 4 వేయకండి, 3 దగ్గర ఆగండి. వస్తువు సమీక్షలకైతే కొలతలు రాసుకున్న కాగితం కూడా జతచేయమని ముందే చెప్పండి. లేని కొలతలు రాస్తారేమో అన్న భయం దానితో చాలావరకు తీరుతుంది. తేదీ, టైమూ వేసి అప్పటికప్పుడు గీకిన కాగితానికీ, ముందురోజు రాత్రి కూర్చుని నింపిన కాగితానికీ తేడా టీచర్ల కంటికి ఇట్టే తెలుస్తుంది.

మార్కులు ఇంకా చెప్పలేదన్నారు కదా, మంచిదైంది. ఇద్దరికీ పేపర్లు వెనక్కిచ్చి తిరగరాసే అవకాశం ఇవ్వండి, మొత్తం కాదు, రెండు మూడు వాక్యాలు చాలు. అమ్మాయికి ఆ కుర్చీ వాక్యం కింద గీత గీసి, "ఇక్కడ ఎందుకు ఆగావో రాయి, సమీక్ష అక్కడి నుంచే మొదలుపెట్టు" అని రాయండి. అబ్బాయికి "ఎవరూ", "మోసం", "అందరూ" అన్న మూడు మాటల చుట్టూ సున్నాలు చుట్టి, ఒక్కోదాని బదులు తను కళ్లారా చూసింది మాత్రమే రాయమనండి. ఆ లాంప్ పెట్టె ఇంకా ఇంట్లో ఉంటే తెచ్చుకుని, ఎనిమిది గంటలు అన్న మాట కింద చిన్న అక్షరాల్లో ఏమైనా ఉందేమో చూడమనండి. అక్కడ "తక్కువ వెలుగులో" అని ఉంటే లాంప్‌ను ఆ వెలుగులో ఇంకోసారి కొలవాలి. ఏమీ లేకపోతే, "ఏ వెలుగు దగ్గర ఎనిమిది గంటలో పెట్టె మీద చెప్పలేదు, ఫుల్ వెలుగులో నాకు నాలుగు గంటలే వచ్చింది" అని రాస్తాడు. ఆ వాక్యం వచ్చిన రోజు న్యాయం గడిలో 2 కొట్టేసి 4 వేయండి, మీ తోటి టీచర్ కూడా అదే వేస్తారు.